రోజంతా ఛార్జర్‌లోనే ఉండే లాప్‌టాప్: 60 దగ్గర ఆపితే బ్యాటరీకి ఏం ఒరుగుతుంది?

క్లుప్తంగా: ఛార్జర్ పెట్టి ఉంచినంత మాత్రాన ఇప్పటి లాప్‌టాప్ బ్యాటరీ ఓవర్‌ఛార్జ్ కాదు. దాన్ని తినేసేది రెండే: నెలల తరబడి నిండుగా ఉండిపోవడం, వేడి. ఛార్జింగ్‌ను 60 లేదా 80 శాతం దగ్గరే ఆపేసే కన్జర్వేషన్ మోడ్ మొదటిదాన్ని తగ్గిస్తుంది, రెండోదాన్ని పెద్దగా మార్చలేదు. అప్పటికే పోయిన సామర్థ్యాన్ని తిరిగి తేలేదు. కరెంటు పోయినప్పుడు చేతిలో ఉండే బ్యాకప్ కూడా ఈ మోడ్ వల్ల తగ్గుతుంది. కాబట్టి ఎవరికి లాభం, ఎవరికి నష్టం అనేది లెక్క వేసుకోవాల్సిన విషయమే.

లాప్‌టాప్ సర్వీస్ షాపులకు వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి ఇలా ఉంటుంది: "బ్యాటరీ 60 దాటి ఎక్కడం లేదు, పోయిందేమో చూడండి." చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది. ఎప్పుడో ఎవరో ఒక సెట్టింగ్ నొక్కి మర్చిపోయి ఉంటారు. దీనికి సరిగ్గా ఎదురుగా మరో మాట వినిపిస్తుంది: "రోజంతా ప్లగ్‌లో ఉంచితే బ్యాటరీ చచ్చిపోతుంది, నిండగానే తీసెయ్." ఈ రెండు గందరగోళాలకూ మూలం ఒక్కటే. ఛార్జర్ తగిలించి ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతుందో బయటికి కనిపించదు. కనిపించేది ఒక శాతం అంకె మాత్రమే.

## ప్లగ్‌లో ఉన్నప్పుడు లోపల జరిగేది

అడాప్టర్ నుంచి వచ్చే కరెంటు ముందు మదర్‌బోర్డు మీద ఉన్న ఛార్జింగ్ చిప్ దగ్గరికి వస్తుంది. లాప్‌టాప్ నడవడానికి కావలసింది అక్కడి నుంచి నేరుగా వెళ్తుంది, మిగిలింది బ్యాటరీలోకి పోతుంది. బ్యాటరీ నిండేవరకు ఈ పని రెండు దశల్లో సాగుతుంది. మొదట ఒకే స్థాయి కరెంటును తోస్తారు. సెల్ వోల్టేజీ పై హద్దుకు చేరాక వోల్టేజీని అక్కడే నిలిపి కరెంటును క్రమంగా తగ్గిస్తూ వస్తారు. చివరి పది, పదిహేను శాతం నత్తనడకన ఎక్కడానికి కారణం ఇదే. కరెంటు బాగా తగ్గిపోయాక చిప్ ఛార్జింగ్‌ను పూర్తిగా ఆపేస్తుంది.

లిథియం అయాన్ సెల్‌కు, నిండిన తర్వాత కూడా కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఉండే పద్ధతి పనికిరాదు. అందుకే ఛార్జర్ తగిలించే ఉన్నా బ్యాటరీలోకి ఏమీ పోదు. లాప్‌టాప్ అడాప్టర్ మీద నడుస్తుంది, బ్యాటరీ పక్కన ఖాళీగా కూర్చుంటుంది. దానంతట అది కాస్త దిగి, చాలా మోడళ్లలో 95 శాతం ప్రాంతానికి వస్తే చిప్ మళ్లీ నింపుతుంది. మధ్యలో 97, 98 దగ్గర ఉండగా ఛార్జర్ పెట్టినా ఎక్కకపోతే కంగారుపడేవాళ్లుంటారు. అది లోపం కాదు, చిన్న చిన్న ఛార్జింగులు పదేపదే జరగకుండా పెట్టిన ఏర్పాటు.

అంటే ఓవర్‌ఛార్జ్ భయానికి ఆధారం లేదు. ఛార్జర్‌ను పీకి పెట్టే అలవాటు వల్ల కలిసొచ్చేదీ పెద్దగా లేదు. రోజూ 80 నుంచి 20 దాకా దించి మళ్లీ ఎక్కిస్తే, రోజుకు 0.6 సైకిల్ ఖర్చవుతుంది; మొత్తం మీద 100 శాతం వాడితే ఒక సైకిల్. ఏడాదికి 300 పనిదినాలనుకుంటే 180 సైకిళ్లు. మామూలు లాప్‌టాప్ బ్యాటరీలకు 300 నుంచి 500 సైకిళ్లు, మ్యాక్‌బుక్ లాంటి కొన్నింటికి 1000 సైకిళ్లు లెక్క కడతారు. పక్కనే ప్లగ్ ఉండగా ఈ ఆయుష్షును ఊరికే ఖర్చు పెట్టడంలో అర్థం లేదు.

## ఖాళీగా కూర్చున్నా అరిగేది ఎందుకు

బ్యాటరీ అరుగుదల రెండు రకాలు. వాడకం వల్ల వచ్చేది ఒకటి, వయసు వల్ల వచ్చేది ఇంకొకటి. బల్ల మీది లాప్‌టాప్‌కు మొదటిది దాదాపు ఉండదు. రెండోదే మొత్తం కథ.

సెల్‌లో ఒకవైపు గ్రాఫైట్, మరోవైపు లిథియం ఉన్న లోహ ఆక్సైడ్, మధ్యలో ఎలక్ట్రోలైట్ ద్రవం ఉంటాయి. ఛార్జ్ చేయడమంటే లిథియంను ఆక్సైడ్ వైపు నుంచి గ్రాఫైట్ పొరల్లోకి తరలించడం. నిండిన గ్రాఫైట్‌కు ఎలక్ట్రోలైట్‌తో పడదు. మొదటి ఛార్జింగులోనే ఆ రెండూ కలిసే చోట ఒక పలుచటి పొర ఏర్పడుతుంది. ఆ పొర లేకపోతే సెల్ బతకదు, కానీ అది పెరుగుతూ పోతే కొత్త లిథియంను తనలో కట్టిపడేస్తుంది. అలా చిక్కుకున్న లిథియం ఇక అటూ ఇటూ తిరగదు, ఛార్జ్‌ను మోయదు. సామర్థ్యం తగ్గడమంటే చాలావరకు ఇదే.

రెండో వైపు కథ వేరు. సెల్ నిండేకొద్దీ ఆక్సైడ్ వైపు వోల్టేజీ పెరుగుతుంది. పూర్తిగా నిండిన సెల్ 4.2 వోల్టుల దగ్గర, కొత్త రకం లాప్‌టాప్ సెల్ అయితే 4.4 వోల్టుల దాకా ఉంటుంది. 60 శాతం దగ్గర అది 3.8, 3.9 వోల్టుల మధ్యకు దిగుతుంది. పై వోల్టేజీ దగ్గర ఎలక్ట్రోలైట్ అక్కడా విచ్ఛిన్నం అవుతూ వాయువులు పుట్టిస్తుంది. బ్యాటరీ ఉబ్బడానికి పునాది ఇక్కడే పడుతుంది.

ఈ రెండు చర్యలూ రసాయన చర్యలే కాబట్టి వేడికి వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని స్థూలంగా అనుకోవచ్చు. లాప్‌టాప్ ఆపేసి ఉన్నా ఇవి ఆగవు. పది గంటలు పనిచేసి రాత్రి షట్‌డౌన్ చేసి ఛార్జర్ అలాగే వదిలేసిన లాప్‌టాప్, రోజుకు పది గంటలు కాదు, ఇరవై నాలుగు గంటలూ నిండుగానే ఉన్నట్టు లెక్క.

## 60, 80 అనే అంకెలు ఎక్కడివి

ఛార్జ్ తగ్గించేకొద్దీ అరుగుదల సమానంగా తగ్గుతూ వస్తుందని అనిపిస్తుంది కానీ అలా జరగదు. సెల్‌లను వేర్వేరు శాతాల దగ్గర నెలల తరబడి ఉంచి చూసిన ప్రయోగాల్లో, అరుగుదల మెట్లు మెట్లుగా కనిపించింది. ఒక మెట్టు మీద పది, ఇరవై శాతం అటూ ఇటూ జరిగినా పెద్ద తేడా రాదు. మెట్టు దాటితే తేడా వస్తుంది.

దీనికి కారణం గ్రాఫైటే. లిథియం దానిలోకి దశలవారీగా చేరుతుంది. సగం నిండేవరకు ఒక స్థితి, ఆ తర్వాత ఇంకో స్థితి. రెండో స్థితిలోకి అడుగుపెట్టగానే గ్రాఫైట్ మరింత చురుకై ఎలక్ట్రోలైట్‌ను ఎక్కువగా తినడం మొదలుపెడుతుంది. చాలా సెల్‌లలో ఈ మెట్టు 60 శాతం ప్రాంతంలో వస్తుంది. కాబట్టి 60 దగ్గర ఆపడం రసాయనానికి దగ్గరగా ఉన్న నిర్ణయమే.

80 శాతం సంగతి కాస్త వేరు. అక్కడ గ్రాఫైట్ అప్పటికే మెట్టు ఎక్కేసి ఉంటుంది. ఆ వైపు దక్కేది తక్కువ. ఆక్సైడ్ వైపు అతి పై వోల్టేజీ మాత్రం తప్పుతుంది, అంటే వాయువుల బెడద తగ్గుతుంది. 80 అనేది నిజానికి రాజీ అంకె. బయటికి పట్టుకెళ్తే మరీ ఇబ్బంది పడకుండా ఉండేంత ఛార్జ్, నిండుగా ఉండడం కంటే కొంత మేలు. రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేవారికి 80 సరిపోతుంది. వారాల తరబడి బల్ల వదలని లాప్‌టాప్‌కు 60 ఉంటే అదే మంచిది.

## ఒక లెక్క: వేసవిలో విజయవాడ గది

50 వాట్ అవర్ బ్యాటరీ ఉన్న మామూలు ఆఫీసు లాప్‌టాప్ తీసుకుందాం. ఏసీ లేని గది. మే నెలలో గదిలోనే 35 డిగ్రీలు ఉంటే, ప్రాసెసర్ పక్కనే ఉన్న బ్యాటరీ 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం.

బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్ ఎంతోకాలంగా ఇస్తున్న ఒక పట్టికను ఇక్కడ వాడుకోవచ్చు. ఏడాది పాటు నిల్వ ఉంచిన లిథియం అయాన్ బ్యాటరీలో ఎంత సామర్థ్యం మిగులుతుందో అది చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర, 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే 96 శాతం మిగులుతుంది, నిండుగా ఉంచితే 80. అదే 40 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే 85, నిండుగా ఉంచితే 65. ఇవి అంచనా అంకెలు. ఏ లాప్‌టాప్‌కూ ఇవి జోస్యం కావు. ఏడాదంతా ఏ గదీ 40 డిగ్రీల దగ్గర ఉండదు కూడా. పోల్చి చూడడానికి మాత్రం సరిపోతాయి. ఇందులో గమనించాల్సింది ఒకటుంది: చల్లటి గదిలో నిండుగా ఉన్న బ్యాటరీ కంటే, వేడి గదిలో సగం లోపు ఛార్జ్‌తో ఉన్నదే ఎక్కువ మిగుల్చుకుంది.

ఇప్పుడు మన లాప్‌టాప్‌కు వద్దాం. కష్టమైన 40 డిగ్రీల వరుసనే పట్టుకుందాం. ఏడాది పాటు నిండుగా ఉంచితే మిగిలేది 50లో 65 శాతం, అంటే 32.5 వాట్ అవర్లు. 60 దగ్గర ఆపి ఉంచితే 42.5 మిగిలిందనుకుందాం. పట్టికలో ఉన్నది 40 శాతం కాబట్టి 60 దగ్గర అంతకంటే కొంచెం తక్కువే ఉండొచ్చు, కానీ లెక్కకు ఇది చాలు.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. లాప్‌టాప్ సగటున 10 వాట్లు తింటుంది. నిండుగా ఉంచుతూ వచ్చిన బ్యాటరీ, అరిగిపోయినా సరే, 32.5 వాట్ అవర్లతో మూడు గంటల పావు నడుస్తుంది. కన్జర్వేషన్‌లో ఉన్నది 42.5లో 60 శాతమే నింపుకుని ఉంటుంది. అంటే 25.5 వాట్ అవర్లు, రెండున్నర గంటలు. జాగ్రత్తగా కాపాడుకున్న బ్యాటరీయే ముందు ఆగిపోతుంది!

ఈ మోడ్ గురించిన చర్చల్లో ఎక్కువగా తప్పిపోయే విషయం ఇదే. కన్జర్వేషన్ మోడ్ వల్ల దక్కే లాభం, ఆ మోడ్‌లో ఉన్నంతకాలం చేతికి రాదు. దాన్ని తీసేసి 100 దాకా నింపిన రోజున వస్తుంది. ఊరెళ్లే ముందు రోజు రాత్రి మోడ్ ఆపితే ఆ 42.5 మొత్తం, అంటే నాలుగు గంటల పావు దొరుకుతుంది. అరిగిన బ్యాటరీ ఎంత నింపినా మూడు గంటల పావు దాటదు.

కాబట్టి కరెంటు తరచుగా పోయే చోట, ఇన్వర్టర్ లేని ఇంట్లో, లాప్‌టాప్ బ్యాటరీయే యూపీఎస్‌గా ఉన్నవాళ్లకు 60 హద్దు అంత సుఖం కాదు, 80 నయం. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లోనో, జనరేటర్ ఉన్న ఆఫీసులోనో 60 పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

## కంపెనీకో పేరు, కంపెనీకో పద్ధతి

ఈ సెట్టింగ్‌కు ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. లెనోవో ఐడియాప్యాడ్‌లలో వాంటేజ్ యాప్‌లో Conservation Mode అని ఉంటుంది. పాత మోడళ్లలో 60 దగ్గర, కొత్తవాటిలో చాలావరకు 80 దగ్గర ఆగుతుంది. అదే కంపెనీ థింక్‌ప్యాడ్‌లలో ఎక్కడ మొదలుకావాలో, ఎక్కడ ఆగాలో రెండు అంకెలనూ మనమే ఇవ్వొచ్చు. ఏసస్ మైఏసస్ యాప్‌లో 100, 80, 60 అనే మూడు ఎంపికలు చాలాకాలం ఉన్నాయి. డెల్ బయోస్‌లో Primarily AC Use అనే ఎంపిక సరిగ్గా బల్ల మీది వాడకం కోసమే ఉంది, అంకెలు మనమే ఇచ్చే Custom కూడా ఉంది. హెచ్‌పీ బిజినెస్ మోడళ్ల బయోస్‌లో Maximize my battery health ఎంచుకుంటే 80 దగ్గర ఆగుతుంది. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్‌లలో ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే కియోస్క్‌ల కోసం 50 శాతం హద్దు కూడా పెట్టారు.

వీటన్నిటినీ రెండు గుంపులుగా చూడొచ్చు. కొన్ని స్థిరమైన హద్దు పెడతాయి. కొన్ని అలవాటును గమనించి వాటంతట అవే నిర్ణయిస్తాయి. యాపిల్ ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్, సర్ఫేస్ స్మార్ట్ ఛార్జింగ్ రెండో రకం. ఛార్జర్ ఎప్పుడు తీస్తారో ఊహించి, అప్పటిదాకా 80 దగ్గర నిలిపి ఉంచడం వాటి పద్ధతి. రోజూ ఒకే వేళకు బయల్దేరేవారికి ఇది బాగుంటుంది. బల్ల మీదే ఉండిపోయే లాప్‌టాప్‌కు ఊహతో పనిలేదు, స్థిరమైన హద్దే సూటిగా ఉంటుంది. ఎవరూ ఏమీ నొక్కకుండానే 80 దగ్గర ఆగిపోతే మాత్రం ముందు ఈ స్మార్ట్ పద్ధతినే అనుమానించాలి.

లినక్స్‌లో చాలా మోడళ్లకు కెర్నెలే ఈ సౌకర్యం ఇస్తుంది. హద్దును 80కి మార్చే ఆదేశం ఇది:

```
echo 80 | sudo tee /sys/class/power_supply/BAT0/charge_control_end_threshold
```

కొన్ని లాప్‌టాప్‌లలో BAT0 బదులు BAT1 ఉంటుంది. కొన్ని మోడళ్లు రీస్టార్ట్ తర్వాత ఈ అంకెను మర్చిపోతాయి.

## మోడ్ పెట్టాక ఎదురయ్యే చిక్కులు

మొదటిది, పెట్టే సమయం. బ్యాటరీ 100 దగ్గర ఉండగా మోడ్ ఆన్ చేస్తే అన్ని లాప్‌టాప్‌లూ ఒకేలా ప్రవర్తించవు. కొన్ని ఛార్జర్ ఉండగానే నెమ్మదిగా హద్దు దాకా దించుకుంటాయి. కొన్ని కొత్తగా ఎక్కించడం మానేస్తాయి తప్ప ఉన్నదాన్ని దించవు. రెండో రకంలో మోడ్ ఆన్‌లో ఉన్నా బ్యాటరీ వారాల తరబడి 100 దగ్గరే ఉండిపోతుంది, మోడ్ వల్ల ప్రయోజనం సున్నా. ఒకసారి ఛార్జర్ తీసి 60 కిందికి దించి మళ్లీ పెట్టాలి.

రెండోది కొలత తప్పడం. బ్యాటరీలో ఎంత ఉందో చెప్పే చిప్ లోపలికి వచ్చిపోయే కరెంటును లెక్కపెడుతుంది, అప్పుడప్పుడు నిండు, ఖాళీ స్థితులను చూసి తన లెక్కను సరిచేసుకుంటుంది. నెలల తరబడి 60 దగ్గరే నిలబడితే సరిచేసుకునే అవకాశం దొరకదు. తర్వాత ఎప్పుడో బ్యాటరీ మీద వాడితే 25 చూపిస్తూ హఠాత్తుగా ఆగిపోవచ్చు. రెండు మూడు నెలలకోసారి మోడ్ తీసి 100 దాకా నింపి, పది శాతం దాకా దించి, మళ్లీ నింపితే లెక్క కుదురుతుంది. లెనోవో వాంటేజ్‌లో ఇందుకు గేజ్ రీసెట్ అనే ఎంపిక కూడా చాలా మోడళ్లకు ఉంది. ఇది కొలతను బాగుచేస్తుందే తప్ప బ్యాటరీని కాదు. కాబట్టి ప్రతి వారం చేస్తే నష్టమే.

మూడోది, అడాప్టర్ చాలకపోవడం. 180 వాట్ల అడాప్టర్‌తో వచ్చిన గేమింగ్ లాప్‌టాప్‌ను 65 వాట్ల టైప్-సి ఛార్జర్ మీద నడిపితే, బరువైన పని పడ్డప్పుడు మిగతా కరెంటు బ్యాటరీయే ఇస్తుంది. ప్లగ్‌లో ఉండగానే శాతం 60 నుంచి 50కి దిగి, పని తగ్గాక మళ్లీ ఎక్కుతుంటే ఇదే కారణం. పైకి మోడ్ పనిచేస్తున్నట్టే ఉంటుంది, లోపల సైకిళ్లు మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

విండోస్‌లో ఇవన్నీ చూసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఒక్క ఆదేశం చాలు:

```
powercfg /batteryreport
```

వచ్చే ఫైల్‌లో DESIGN CAPACITY అంటే కొత్తప్పటి సామర్థ్యం, FULL CHARGE CAPACITY అంటే ఇప్పుడు నిండేది, CYCLE COUNT అంటే సైకిళ్లు. ఇందులో సామర్థ్యం మిల్లీవాట్ అవర్లలో ఉంటుంది; మన ఉదాహరణలో మొదటిది 50,000, రెండోది 42,500 ఉంటే 15 శాతం పోయినట్టు. సైకిళ్లు చాలా తక్కువగా ఉండి సామర్థ్యం మాత్రం బాగా పడిపోయి ఉంటే, అరిగింది వాడకం వల్ల కాదు, నిండుగా వేడిలో కూర్చోవడం వల్ల. కొలత తప్పి అంకె తక్కువగా కనిపించే అవకాశం కూడా ఉంది కాబట్టి, పైన చెప్పినట్టు ఒకసారి దించి ఎక్కించి చూశాకే నిర్ణయానికి రావడం మంచిది.

## శాతం చెప్పనిది: ఉబ్బు

ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే లాప్‌టాప్‌కు బ్యాకప్ తగ్గడం అంత పెద్ద ఇబ్బంది కాదు, బ్యాటరీని వాడేదే అరుదు కదా. అసలు ఇబ్బంది ఉబ్బు. సన్నటి లాప్‌టాప్‌లలో సెల్‌లు గట్టి డబ్బాల్లో ఉండవు, మెత్తటి సంచుల్లో ఉంటాయి. లోపల పుట్టిన వాయువు బయటికి పోలేక సంచిని ఉబ్బిస్తుంది. నిండు ఛార్జ్, వేడి రెండూ కలిసిన చోటే దీనికి అవకాశం ఎక్కువ. కన్జర్వేషన్ మోడ్‌ను సమర్థించడానికి గంటల లెక్క కంటే ఇది బలమైన కారణం.

ఇది ముందు కనిపించేది టచ్‌ప్యాడ్ దగ్గర. క్లిక్ బిగుసుకుపోతుంది, లేదా టచ్‌ప్యాడ్ ఒక అంచు పైకి లేస్తుంది. కింది మూత బల్ల మీద సమంగా కూర్చోక లాప్‌టాప్ ఊగుతుంది. మూసినప్పుడు స్క్రీన్‌కూ కీబోర్డుకూ మధ్య సందు వస్తుంది. బ్యాటరీ రిపోర్టులో అంకెలు బాగున్నా సరే, ఈ గుర్తుల్లో ఒక్కటి కనిపిస్తే మోడ్ మార్చి చూద్దామనే ఆలోచన వదిలేయాలి. ఉబ్బు తగ్గదు. ఛార్జర్ తీసి, లాప్‌టాప్ ఆపేసి, మూతను నొక్కకుండా, బ్యాటరీని గుచ్చకుండా సర్వీస్ సెంటర్‌లో మార్పించాలి.

తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత ఉత్పత్తిదారుల మీద ఉంది. కొత్తది వేయించుకునేటప్పుడే పాతదాన్ని అక్కడే అప్పగించడం తేలిక.